చర్చిలో పెళ్లయ్యాక మళ్లీ మండపంలో ముహూర్తం పెట్టొచ్చా?

తెనాలమ్మాయి: మాది తెనాలి, హిందువులం. అతనిది గుంటూరు, కేథలిక్ కుటుంబం. మతం మారమని ఎవరూ ఎవర్నీ అడగట్లేదు. వాళ్లకి చర్చి పెళ్లి కావాలి. జీలకర్ర బెల్లం లేకపోతే అది పెళ్లే కాదంటుంది మా నాయనమ్మ. ఉదయం చర్చి, రాత్రి మండపం అనుకుంటున్నాం. కుదురుతుందా?

గోదారిగట్టు: ఎందుకు కుదరదు? మా ఫ్రెండ్స్ అలాగే చేసుకున్నారు, రెండు వైపులా పెద్దాళ్లు హ్యాపీ. శుభలేఖ, మండపం ఫొటోలు పట్టుకెళ్లి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించేయండి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ అంటే నెల రోజులు నోటీసు బోర్డు మీద మీ పేర్లు వేలాడతాయి, ఆ టెన్షన్ ఎందుకు?

రికార్డ్‌రూమ్: నోటీసు మాట నిజమే. మిగతా సలహా మాత్రం ప్రమాదం. క్రైస్తవుడికీ హిందువుకీ జరిగే పెళ్లికి హిందూ వివాహ చట్టం వర్తించదు. మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులో సరిగ్గా ఇదే జరిగింది. క్రైస్తవ అబ్బాయి గుళ్లో హిందూ అమ్మాయికి తాళి కట్టాడు, ఆ చట్టం కిందే రిజిస్టర్ కూడా చేయించుకున్నారు. ఆ పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

చర్చి పెళ్లికి ఆ ఇబ్బంది లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. కానీ జ్ఞానస్నానం లేని అమ్మాయిని చేసుకోవాలంటే అబ్బాయికి బిషప్‌గారి అనుమతి కావాలి. దానికోసం తన విశ్వాసం వదలననీ, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించడానికి చేతనైనంత చేస్తాననీ అతను మాట ఇవ్వాలి. ఆ మాట ఇచ్చినట్టు మీకూ చెబుతారు. పెళ్లిరోజు కంటే ముందు మీ ఇంట్లో మాట్లాడుకోవాల్సింది ఇది.

ఇక మీ ప్రశ్న. చర్చి పెళ్లికి ముందుగానీ వెనకగానీ ఇంకో మత పద్ధతిలో మళ్లీ పెళ్లి చేసుకోకూడదని కేథలిక్ నియమం. రాత్రి మండపమంటే అదే కదా. ఫాదర్‌తో మాట్లాడకుండా శుభలేఖలో ముహూర్తం వేయించారంటే అనుమతి అక్కడే ఆగిపోవచ్చు. ముందు ఫాదర్, తర్వాత ఫంక్షన్ హాలు అడ్వాన్సు, ఆఖర్న శుభలేఖ.

పెళ్లికూతుర్ని చేయడం, మంగళస్నానం మీ ఇంట్లో మీరు చేసుకునేవే. తాళి మన తెలుగు కేథలిక్కుల పెళ్లిలోనూ ఉంది, ఫాదర్ దీవించి ఇస్తే అబ్బాయి కడతాడు. చిక్కల్లా జీలకర్ర బెల్లం, కన్యాదానం, సప్తపదితోనే.

మేరీపిన్ని: మా అబ్బాయి పెళ్లిలో గొడవంతా అన్నం దగ్గరొచ్చిందమ్మా. మాది సీఎస్ఐ, ప్రొటెస్టెంట్లం. ఆడపెళ్లివాళ్లు పులిహోర మొత్తం దేవుడికి చూపించి వడ్డించారు. విగ్రహాలకు పెట్టింది తినకూడదని మావాళ్లు ఆకు ముందు కూర్చుని, మజ్జిగ తాగి లేచిపోయారు. అవమానం చేశారని వియ్యపురాలు ఏడ్చింది. నైవేద్యానికి వేరే చిన్న గిన్నెలో తీసి, మిగతాది అలాగే ఉంచమని వంటాయనకు ముందే చెప్పుంటే సరిపోయేది. తేదీ కూడా చూసుకో తల్లీ. ఫాల్గుణ ముహూర్తాలు చాలావరకు, కొన్నేళ్లు మాఘ ముహూర్తాలు కూడా, ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమల దినాల్లో పడతాయి, అప్పుడు చర్చిలో పెళ్లిళ్లు మామూలుగా పెట్టుకోరు.

వేపచెట్టు: నాకిది నచ్చట్లేదు. ఒకవైపు రూలు పుస్తకంలో రాసుంది కాబట్టి నెగ్గింది. నాయనమ్మ దగ్గర పుస్తకం లేదు కాబట్టి సర్దుకోవాలా? ఇద్దరూ రిజిస్ట్రార్ దగ్గర పెళ్లి చేసుకుని అందరికీ ఒక్క విందు పెట్టండి. నష్టమైనా సమానంగా ఉంటుంది.

రికార్డ్‌రూమ్: సమానంగా ఉండదండీ. అనుమతి లేకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకుంటే అతని చర్చి దాన్ని పెళ్లిగా లెక్కవేయదు. అతను చర్చి పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం తీసుకోలేడు, వాళ్లమ్మకు అది చిన్న విషయం కాదు. అయితే ఇంకో దారుంది. చర్చి పద్ధతి నుంచి కూడా బిషప్‌గారు మినహాయింపు ఇవ్వగలరు, అప్పుడు బయట బహిరంగంగా జరిగే ఒక్క పెళ్లే చాలు. గట్టి కారణం చూపించాలి, ఏ పద్ధతికి ఒప్పుకుంటారనేది ఆయన నిర్ణయం. అది స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ పెళ్లయితే మీలో ఒకరు నోటీసు ఇచ్చే జిల్లాలో అంతకుముందు 30 రోజులు ఉండి ఉండాలి. తర్వాత 30 రోజులు అభ్యంతరాలకు, పెళ్లినాడు ముగ్గురు సాక్షులు. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు పెళ్లి కాకపోతే మళ్లీ మొదటికే.

తెనాలమ్మాయి: ఇవన్నీ నాయనమ్మకు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చర్చిలో తాళి కట్టేది మన పంతులుగారు పెట్టిన టైముకే కట్టిస్తారేమో కనుక్కో" అంది.

రికార్డ్‌రూమ్: అడగండి. జ్ఞానస్నానం లేనివాళ్లతో పెళ్లికి మామూలుగా చర్చిలో పూర్తి దివ్యబలిపూజ ఉండదు. వాక్యం, ప్రమాణాలు, ఉంగరాలు, తాళి అంతే. ముహూర్తం ఉదయం పదిన్నరకైతే పదింటికి మొదలుపెట్టి ఆ వేళకు తాళి దగ్గరికి రావచ్చు. దానికి అడ్డొచ్చే నియమమేదీ లేదు.

గోదారిగట్టు: ఇంటికొచ్చాక ఊరికే, పంతులుగారు లేకుండా, నాయనమ్మే ఇద్దరి చేతా జీలకర్ర బెల్లం పెట్టిస్తే?

రికార్డ్‌రూమ్: అది మళ్లీ పెళ్లా, ఇంటి వేడుకా అన్నది మీ ఫాదర్ ఎలా చూస్తారో దాన్నిబట్టి. దాచిపెట్టి మాత్రం చేయొద్దు.

వేపచెట్టు: అంటే ఇంట్లో బెల్లం ముద్ద పెట్టుకోవడానికి కూడా ఆయన్నే అడగాలన్నమాట. నేనైతే ఒప్పుకోను.