పది నెలల్లో కావలసిన సొమ్ముకు షార్ట్ డ్యూరేషన్ ఫండ్ తగునా?

చిత్తూరు దగ్గర మా అమ్మగారి మామిడితోట అమ్మగా వచ్చిన 6 లక్షల రూపాయలు, తిరుపతిలో ఇల్లు కొనడానికి పది నెలల తర్వాత కావాలి. లిక్విడ్ ఫండ్ 91 రోజుల్లోపు తీరే పత్రాలనే కొంటుంది గనుక రాబడి తక్కువని, షార్ట్ డ్యూరేషన్ ఫండ్ మేలని ఏజెంటు గారు అంటున్నారు.

ఆ ఫండ్ డ్యూరేషన్, అంటే దాని బాండ్ల సొమ్ము తిరిగి రావడానికి పట్టే సగటు కాలం, 2.5 ఏళ్లు. అందుకే వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగితే విలువ సుమారు 2.5 శాతం, అంటే 15,000 రూపాయలు తగ్గుతుంది. ఆగగలిగితే పెరిగిన వడ్డీయే దాన్ని క్రమంగా పూడుస్తుంది, కాని పది నెలల్లో అది పూర్తిగా పూడదు. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది రెండో నష్టం. ఫండులో 5 శాతం ఒకే కంపెనీ బాండ్లలో ఉండి, ఆ కంపెనీ చెల్లించలేకపోతే 30,000 రూపాయల దాకా పోవచ్చు, ఎంత ఆగినా అది తిరిగి రాకపోవచ్చు.

క్రెడిట్ రిస్క్ ఫండ్ కనీసం 65 శాతం డబుల్ ఏ, అంతకంటే తక్కువ రేటింగు బాండ్లలో పెడుతుందని పేరులోనే తెలుస్తుంది. షార్ట్ డ్యూరేషన్ అనే పేరు మాత్రం కాలాన్ని చెబుతుందే తప్ప రేటింగును చెప్పదు. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మూసివేసిన ఆరు డెట్ ఫండ్లలో స్వల్పకాలికమని పేరున్నవీ ఉన్నాయి.

సెబీ రిస్కు పట్టికలో ఈ ఫండుకు బి-2 గడి, అంటే వడ్డీ రిస్కు, చెల్లింపు రిస్కు రెండూ మధ్యస్థమనే గడి ఉంది. అది ఫండ్ తీసుకోగల గరిష్ఠ రిస్కు అయినప్పుడు, నేటి అసలు రిస్కు తెలియడానికి పోర్ట్‌ఫోలియోలో ఏమేమి చూడాలి? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.