"ఇంతవరకు ఎవరూ చేయలేదు" అంటే రీసెర్చ్ గ్యాప్ అయిపోతుందా?

వెన్నెల: నా టాపిక్ విద్యార్థుల మొబైల్ వాడకం, నిద్ర. మా కాలేజీలో దీని మీద ఎవరూ పని చేయలేదని గ్యాప్‌గా రాస్తే గైడు గారు కొట్టేశారు. ఎవరూ చేయనిదే కదండీ గ్యాప్ అంటే?

తిరగలి: ఎవరూ చేయనివి కోకొల్లలు. చేయకపోవడం వల్ల ఏ సంగతి తేలకుండా మిగిలిందో చెబితేనే అది గ్యాప్. ఓ పది పేపర్లు తీసి మెథడ్ భాగం మాత్రం చదవండి. చాలావాటిలో ప్రశ్నావళి ఒక్కసారే ఇస్తారు. ఫోన్ ఎక్కువ చూసేవాళ్లకు నిద్ర తక్కువని తేలుస్తారు. మరి ఫోన్ చూడటం వల్ల నిద్ర చెడిందా, నిద్ర పట్టకే ఫోన్ తీశారా? ఒక్కసారి అడిగితే అది తెలియదు. నిద్ర ఎలా ఉందో కొలవడానికి ఎక్కువగా వాడే పిట్స్‌బర్గ్ ప్రశ్నావళి కూడా గడిచిన నెలంతా కలిపి అడుగుతుంది, ఏ రాత్రి ఏం జరిగిందో చెప్పదు. మీకు చోటున్నది అక్కడే.

గడపదీపం: నాదీ మూడుసార్లు వెనక్కొచ్చింది. టైటిల్‌లో వయసు, కోర్సు, సంవత్సరం అన్నీ చేర్చి ఇరుకు చేశాను. మీరూ టైటిల్ మార్చి చూడండి.

తిరగలి: మీరు ఇరుకు చేసింది టైటిల్‌ని, ప్రశ్నని కాదు. అందుకే మళ్లీ వచ్చిందేమో.

కొత్తనీరు: కొత్త జనం మీద చేస్తే గ్యాప్ కాదనడం మాత్రం ఒప్పుకోను. నైట్ డ్యూటీ నర్సుల మీద చేస్తే కొత్త కాదా?

తిరగలి: అవుతుంది, కానీ వాళ్లు పగటి వెలుతురులో పడుకుంటారు కాబట్టి పాత ఫలితం వాళ్లకు వర్తించకపోవచ్చు అన్న కారణం రాస్తేనే. వెన్నెల గారి కాలేజీ పిల్లల నిద్ర వేరేలా ఉంటుందనడానికి కారణమేదీ?

వెన్నెల: లేదండీ. ఇలా తిరగరాశాను, చూడండి: "మొబైల్ వాడకానికీ నిద్రలేమికీ సంబంధం ఉందని తెలుసు. కానీ అది ఎక్కువగా ఒక్కసారి అడిగిన, గుర్తు మీద చెప్పిన జవాబుల నుంచి వచ్చింది. ఒకే వ్యక్తి పక్క మీద ఫోన్ చూసిన రాత్రి, చూడని రాత్రి నిద్ర పట్టే సమయం మారుతుందా అన్నది తేలాలి." 60 మంది, 14 రాత్రులు. రోజూ పొద్దున్నే నిద్ర డైరీ, వాడకం ఫోన్‌లో నమోదైన లెక్క నుంచి.

తిరగలి: ఇప్పుడు బాగుంది. "తేలాలి" అనే ముందు రాత్రుల వారీగా చేసిన పనులు వెతకండి. దొరికితే అవి ఎక్కడ ఆగాయో అక్కడి నుంచి మొదలుపెట్టండి.

కొత్తనీరు: ఒక్క మాట. పరీక్ష ముందు రాత్రి దిగులుతో ఫోనూ చూస్తారు, నిద్రా పట్టదు. 14 రాత్రులు కొలిచినా ఏది దేనివల్లో ఎలా చెబుతారు?

తిరగలి: పూర్తిగా చెప్పలేం. డైరీలో పడుకునే ముందు దిగులు ఎంతో ఒక గడి పెట్టొచ్చు. అది సరిపోతుందా అంటే, నాకూ అనుమానమే.

వెన్నెల: గడి పెడతాను. ప్రశ్నలో "వల్ల" అన్న మాట ఎలాగూ రానివ్వను.