ఐదేళ్ల పిల్లాడికి ఆవిరి పట్టించవచ్చా?

సుజాత: మా బాబుకి ఐదేళ్లు. నిన్నటి నుంచి ముక్కు దిబ్బడ, గొంతునొప్పి, దగ్గు. అత్తయ్య ఆవిరి పట్టించమంటున్నారు, మా ఆయన వద్దంటున్నారు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే దగ్గు కూడా తగ్గుతుందా?

భాస్కర్: నిక్షేపంగా పట్టించండి. ఆ వేడికి క్రిములు చస్తాయి. నీళ్లలో ఉప్పు కూడా వేస్తే ఇంకా మంచిది.

వాణి: ఉప్పు ఆవిరితో పైకి రాదు భాస్కర్ గారూ, గిన్నెలోనే ఉండిపోతుంది. వైరస్ చచ్చేంత వేడిని ముక్కు తట్టుకోలేదు. చీమిడి వదులై కాసేపు ఊపిరాడినట్టు ఉంటుందేమో గానీ జలుబు ముందుగా పోదు.

నేను కాలిన గాయాల వార్డులో నర్సుని. అక్కడికి వచ్చే పిల్లల్లో చాలామందిది ఒకటే కథ. మంచం మీద గిన్నె, తలమీద దుప్పటి. లోపల ఉక్కపోసి పిల్లాడు కాలు కదుపుతాడు, మరిగిన నీళ్లు తొడల మీద ఒలుకుతాయి. తడిసిన బట్ట ఆ వేడిని ఒంటికి అంటిపెట్టుకుని ఉంటుంది. అలా జరిగితే వెంటనే బట్ట తీసేసి, 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ల ధార కింద ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐస్, పేస్టు పెట్టొద్దు.

బాబుకి మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు ముక్కులో వేయండి. దిబ్బడకి అవి చాలు.

ఫణి: నాకు మూడు నెలలు దగ్గు తగ్గలేదు. పుక్కిలించీ పుక్కిలించీ విసుగొచ్చింది. చివరికి చూస్తే కడుపులోంచి ఆమ్లం పైకి తన్నడం! మీరూ ఎండోస్కోపీ చేయించండి.

వాణి: నిన్న మొదలైన దగ్గుకి ఎండోస్కోపీ ఎందుకండీ! సుజాత గారూ, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు చాలు. అది గొంతు పైభాగానికే తగులుతుంది, శ్వాసనాళంలోకి వెళ్లదు. అందుకే నొప్పికి హాయిగా ఉంటుంది గానీ, కింద నుంచి వచ్చే దగ్గుని ఆపదు. ఈ వయసు పిల్లలు చాలామంది పుక్కిలించలేక మింగేస్తారు, బలవంతం చేయకండి. రాత్రి పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇవ్వండి. ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె అసలు వద్దు.

భాస్కర్: నేను పట్టుకున్న ప్రతిసారీ రిలీఫ్ వచ్చింది. అది అబద్ధమా?

వాణి: కాదు. పెద్దవాళ్లు గిన్నెని బల్ల మీద కదలకుండా పెట్టుకుని పట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. పిల్లలకే వద్దంటున్నాను.

సుజాత: బాత్రూమ్‌లో వేడినీళ్లు వదిలి, తలుపేసి వాడితో పాటు కూర్చుంటే?

వాణి: వాడు ఆ నీళ్లకి దూరంగా, మీ పక్కనే ఉంటే పర్లేదు. ఎంత లాభమో మాత్రం చెప్పలేను. డొక్కలు ఎగరేస్తున్నా, మింగలేక చొంగ కారుస్తున్నా ఇంట్లో చిట్కాలతో ఆగొద్దు, వెంటనే బయల్దేరండి. దగ్గు లేకుండా గొంతునొప్పి, జ్వరం, మెడ దగ్గర బిళ్లలు ఉంటే బ్యాక్టీరియా కావచ్చు, డాక్టర్ చూడాలి.

సుజాత: వీడికి దగ్గూ ఉంది, జ్వరం లేదు. చుక్కలు తెస్తాను. అత్తయ్యకి ఎలా చెప్పాలో!

భాస్కర్: గిన్నె బల్ల మీదే పెట్టి చూడమనండి.