రాని జీతం కూడా ఖర్చేనా?

ఓరుగల్లు కుర్రాడు: బీఎస్సీ అయింది. గ్రూప్ 2 ఎకానమీ పేపర్ కోసం ఎకనామిక్స్ మొదటిసారి చదువుతున్నాను. హనుమకొండలో నెలకు 18,000 జీతంతో ఉద్యోగం వచ్చింది, ఇంటి నుంచే వెళ్లొచ్చు. అది వదిలేసి ఏడాది హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుందామని ఉంది. ఫీజు 40,000, హాస్టల్ నెలకు 6,000. అంటే 1,12,000 ఖర్చు అనుకున్నాను. అవకాశ వ్యయం లెక్కన అది తప్పంటున్నాడు ఫ్రెండ్. చేతికి రాని జీతం ఖర్చెలా అవుతుంది?

మాధవి: మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. ఒక దారి ఎంచుకున్నందుకు వదులుకున్న దారిలో మీకు మిగిలేదే అవకాశ వ్యయం. జేబులోంచి పోయిన డబ్బు ఒక్కటే చూస్తే ఈ లెక్క తేలదు. కోచింగ్‌కి వెళ్తే ఏడాదికి 2,16,000 జీతం వదులుకుంటున్నారు. అయితే మీ 1,12,000 మొత్తానికి దీన్ని కలిపేసినా తప్పే. ఇంట్లో ఉన్నా తింటారు కదా? మీ ఒక్కరి తిండికి ఇంట్లో నెలకు ఎంతవుతుంది? ఆఫీసుకి వెళ్లిరావడానికి ఎంత?

ఓరుగల్లు కుర్రాడు: తిండికి 2,000 అనుకోవచ్చక్కా. బస్సుకి నెలకు 1,000 అవుతుంది.

మాధవి: అయితే హాస్టల్ వల్ల అదనంగా పడే భారం నెలకు 4,000, ఏడాదికి 48,000. మిగతా 24,000 మీరు ఎక్కడున్నా అయ్యేదే, దాన్ని కోచింగ్ మీద వేయకూడదు. ఇక ఉద్యోగం చేస్తే బస్సుకి 12,000 పోతాయి కాబట్టి నిజంగా వదులుకునేది 2,04,000. ఫీజు 40,000, హాస్టల్ 48,000 కలిపితే 2,92,000. మీ అంచనాకి రెండున్నర రెట్లు.

బాలు: ఇంకా ఉంది తమ్ముడూ. ఇంటి దగ్గరే ఉంటే సాయంత్రం ట్యూషన్లు చెప్పి నెలకు 5,000 తెచ్చుకోవచ్చు. ఎమ్మెస్సీ చేస్తే వచ్చే స్కాలర్‌షిప్ కూడా పోతుంది. వదులుకున్నవన్నీ కలపాలి.

మాధవి: బాలు గారూ, ట్యూషన్ సంగతి మీరన్నది సరైనదే. ఉద్యోగం చేస్తూనే సాయంత్రం చెప్పగలిగితే ఆ రెండూ కలిసి ఒకే దారి, కాబట్టి ఆ 60,000 కూడా కలుస్తుంది. చెప్పే ఓపిక ఉంటుందా లేదా అన్నది అతనే చెప్పాలి. ఎమ్మెస్సీ మాత్రం కలవదు. ఉద్యోగంలో ఉన్నవాడు అదే ఏడాది రెగ్యులర్ ఎమ్మెస్సీలో కూర్చోలేడు. కోచింగ్ లేకపోతే అతను ఏ దారిలో వెళ్లేవాడో ఆ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. వదిలేసిన దారులన్నీ కలుపుకుంటూ పోతే ఏ పనైనా నష్టంగానే కనిపిస్తుంది.

ప్రిపరేషన్‌లో ఉన్నా: నాదీ ఇదే టెన్షన్. అశోక్‌నగర్‌లో ఉండి ఇప్పటికే దాదాపు మూడు లక్షలు పెట్టాను. ఇప్పుడు మానేస్తే ఆ మూడు లక్షలే నా అవకాశ వ్యయం కదా?

మాధవి: కాదండీ. ఆ డబ్బు చదివినా తిరిగిరాదు, మానేసినా తిరిగిరాదు. కాబట్టి ఇవాళ్టి నిర్ణయంలో దానికి చోటు లేదు. వచ్చే ఏడాది చదవకపోతే ఏం చేస్తారు, అందులో ఎంత మిగులుతుంది? మీరు చూసుకోవాల్సింది అది.

శ్రీనివాస్, కరీంనగర్: మాధవి గారి లెక్కలో ఒక మెలిక ఉంది. జీతంలోంచి బస్సు ఖర్చు ఎందుకు తీసేయాలి? వదులుకున్నది 2,16,000. బస్సు డబ్బు మిగలడం కోచింగ్ వల్ల వచ్చిన లాభం, దాన్ని లాభాల్లో చూపించాలి. దీని మీద ఆర్థికవేత్తలే తడబడ్డారు. ఫెరారో, టేలర్ 2005లో 199 మంది ఆర్థికవేత్తలను ఒక ప్రశ్న అడిగారు. మీ దగ్గర ఎరిక్ క్లాప్టన్ కచేరీకి ఉచిత టికెట్ ఉంది, దాన్ని అమ్మడం కుదరదు. అదే రాత్రి బాబ్ డిలాన్ కచేరీ. టికెట్ 40 డాలర్లు, మీరు 50 దాకా పెట్టడానికి సిద్ధం. క్లాప్టన్ దగ్గరికి వెళ్తే అవకాశ వ్యయం ఎంత? 0, 10, 40, 50 అని నాలుగు జవాబులిస్తే, వాళ్లు సరైనదనుకున్న 10ని ఎంచుకున్నవాళ్లే అందరికంటే తక్కువ. తర్వాత 2012లో పాటర్, శాండర్స్ వచ్చి, ఖర్చుని ఏ వైపు రాస్తారన్న దాన్ని బట్టి మిగతా జవాబులనూ సమర్థించవచ్చని వాదించారు.

మాధవి: ఆ వాదన నాకు తెలుసు, అయినా నేను 10 వైపే. డిలాన్ దగ్గరికి వెళ్తే 50 విలువైన ఆనందం వస్తుంది, 40 చేయి జారుతుంది. పోగొట్టుకున్నది ఆ మిగులే. మీ పద్ధతిలో 12,000 లాభాల్లో రాసినా నిర్ణయం మారదు, కానీ రెండు వైపులా రాస్తే మాత్రం లెక్క చెడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు సరిగ్గా అక్కడే పొరబడతారు.

శ్రీనివాస్, కరీంనగర్: నిర్ణయం మారదన్నది ఒప్పుకుంటాను. కానీ పరీక్షలో అడిగేది నిర్ణయం కాదు, అంకె. ఏ పద్ధతో చెప్పకుండా ఒక్క అంకె అడగడం విద్యార్థికి అన్యాయం.

ఓరుగల్లు కుర్రాడు: ట్యూషన్ చెప్పే ఓపిక నాకు ఉండదు, కాబట్టి 2,92,000 దగ్గరే ఆగుతాను. ఇంకొక్కటి అడగాలి. ఆ ఉద్యోగంలో ఏడాది అనుభవం వస్తే తర్వాత జీతం పెరుగుతుందిగా, దానికి ఎంత వేయాలి?

మాధవి: దానికీ విలువుంది, కానీ ఎంతో నేను చెప్పలేను. అక్కడే ఏడాది పూర్తిచేసినవాళ్లకి ఇప్పుడు ఎంతిస్తున్నారో కనుక్కుని రండి, అప్పుడు కలుపుదాం.