ప్రవచనంలో ‘పలికెను’ తీసేస్తే గౌరవం ఎక్కడ నిలబడుతుంది?

ప్రశ్న: సుందరకాండ ప్రవచనం పాత రాతప్రతి చూసి చెబుతున్నాను. ‘జానకీదేవి యిట్లు పలికెను’ అంటే పిల్లలకు ఎక్కడం లేదు. వాడుక భాషలో చెబితే భక్తి పోతుందని పెద్దలు అంటున్నారు. ఎలా మార్చాలి?

కొత్త కథకుడు: ‘పలికెను’ ఉన్నచోటల్లా ‘అన్నారు’ పెట్టేయండి, గౌరవం దానంతటదే వస్తుంది. పొడవైన సమాసాలు విప్పేయండి. టెన్షన్ అక్కర్లేదు.

పాత పౌరాణికుడు: సమాసాల మాట నిజమే. అన్నిచోట్లా ‘అన్నారు’ మాత్రం వద్దండీ. ‘పలికెను’ రాముడికీ సీతకూ రావణుడికీ ఒకటే రూపం, అందులో మర్యాద హెచ్చుతగ్గులు లేవు. వాడుకలోకి రాగానే అన్నాడు, అంది, అన్నారు, వీటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. చిక్కంతా అక్కడే. ‘సీత అంది’ అంటే చులకనగా వినిపిస్తుంది. ‘సీత అన్నారు’ అంటే ఆఫీసులో మేడమ్ గురించి చెప్పినట్టుంటుంది. ‘సీతమ్మ అంది’ అంటే చాలు, గౌరవం పేరులోనే ఉంది.

హనుమంతుడు తీసుకెళ్తానన్న ఘట్టం చూడండి. పాత తీరు: ‘నా వీపు నధిరోహింపుము, రాముని సన్నిధికిం జేర్చెదనని మారుతి పలుకగా, జానకి యంగీకరింపదయ్యె.’ నేనైతే ఇలా చెబుతాను: ‘అమ్మా, నా వీపు మీద కూర్చో, రాముడి దగ్గరికి చేరుస్తాను అన్నాడు హనుమంతుడు. సీతమ్మ ఒప్పుకోలేదు. నా అంతట నేను పరపురుషుణ్ణి తాకను, రాముడే వచ్చి రావణుణ్ణి గెలిచి నన్ను తీసుకెళ్లాలి, అదే ఆయనకు తగిన పని అంది.’ ‘కూర్చోండి’ అనలేదు, గమనించండి. తల్లితో బిడ్డ మాట్లాడే చనువు అది. రావణుడూ ఆమెను ‘నువ్వు’ అనే అంటాడు, కానీ అతని నోట ‘అమ్మా’ రాదు. ఆ తేడా వినపడాలి.

చర్చి సేవకురాలు: మా ప్రార్థనలోనూ ఇదే గొడవ. దేవుణ్ణి ‘మీరు’ అని చూశాను. కొందరు దూరంగా ఉందన్నారు, మళ్లీ ‘తండ్రీ, నీవు’ దగ్గరికే వచ్చాం.

పాత పౌరాణికుడు: మీది దేవుడితో మాట్లాడటం అమ్మా, ఇక్కడ అడిగింది దేవుడి కథ చెప్పడం గురించి. అయినా చనువు విషయంలో మీ అనుభవం సరిగ్గా అతుకుతుంది.

ప్రశ్న అడిగినవారు: సీతమ్మ సరే. ‘రాముడు అన్నాడు’ అంటే మా పెద్దలు ఊరుకోరు.

పాత పౌరాణికుడు: అయితే ‘స్వామి అన్నారు’ అనండి. ఏదైనా ఒక్కటే పట్టుకోండి. ‘రాముడు వచ్చారు, విల్లు ఎత్తాడు’ అని మధ్యలో మారితే చెవికి గుచ్చుకుంటుంది. ఫోన్‌లో రికార్డు చేసి క్రియల చివర్లు మాత్రమే వినండి, ఎక్కడ జారారో తెలిసిపోతుంది. ‘టెన్షన్’ లాంటి మాటలు మీ వ్యాఖ్యానంలో వాడుకోవచ్చు, సీతమ్మ నోట పెట్టకండి.

ఇంకో శ్రోత: నాకు మాత్రం శ్లోకం అయిన వెంటనే ‘అంది’ వినపడితే మెట్టు దిగినట్టే ఉంటుంది. శ్లోకం పక్కన ఒక్క వాక్యమైనా పాత తీరులో ఉంచండి.

పాత పౌరాణికుడు: నేను ఉంచను. శ్లోకమే ఆ పని చేస్తుంది. మీ సభలో రెండు తీరులూ చెప్పి చూడండి.