స్పీకింగ్‌లో ప్రశ్న మళ్లీ అడగమంటే మార్కులు పోతాయా?

నీలిమేఘం: వచ్చే వారం ఐఈఎల్టీఎస్ స్పీకింగ్. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగొచ్చా? మార్కులు కోస్తారా? మర్యాదగా ఎలా అడగాలి?

బాటసారి: నోరు మూసుకుని తోచింది చెప్పేయండి. నేను మూడుసార్లు అడిగాను, స్పీకింగ్‌లో 6 వచ్చింది. మిగతా మూడింట్లోనూ 7 దాటాయి. ఇంకేం రుజువు కావాలి?

పచ్చజెండా: ‘వాట్?’ అనకండి. ‘పార్డన్’ అనాలి.

ఉత్తరగాలి: అడిగినందుకు మార్కు కోసే గడి ఆ పరీక్షలో లేదండి. చూసేవి నాలుగు: ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదాలు, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన వాటా. విని అర్థం చేసుకోవడానికి విడిగా మార్కుల్లేవు. కానీ ఎక్కడ ఏం అడుగుతున్నారో చూసుకోవాలి. మొదటి భాగంలో ఎగ్జామినర్ చేతిలో రాసిపెట్టిన ప్రశ్నలుంటాయి. మళ్లీ చదవగలరు, సొంత మాటల్లో మార్చి చెప్పే వీలు దాదాపు ఉండదు. మూడో భాగం చర్చ కాబట్టి అక్కడ ప్రశ్నని తిప్పి చెప్పగలరు.

కొత్తచిగురు: నేను పీటీఈ రాశాను, అందులో అడిగినా కంప్యూటర్ పలకదు. అన్నీ ఒక్కసారే వినిపిస్తాయి.

ఉత్తరగాలి: అక్కడ అడగడానికి మనిషే లేరుగా. ఇక్కడి ప్రశ్న వేరు.

బాటసారి: గడి లేదంటే సరిపోతుందా? ఎదుటి మనిషి మనసులో ‘వీడికి అర్థం కాలేదు’ అని పడుతుందా లేదా?

ఉత్తరగాలి: పడనివ్వండి. అర్థం కాకుండా వేరే విషయం మీద రెండు నిమిషాలు దంచితే ఏం పడుతుంది? పొందిక దెబ్బతింటుంది, బట్టీ పట్టిన జవాబేమోనన్న అనుమానమూ వస్తుంది. ఉదాహరణకి మూడో భాగంలో ‘డూ యూ థింక్ నోస్టాల్జియా అఫెక్ట్స్ వాట్ పీపుల్ బై?’ అన్నారనుకోండి. నోస్టాల్జియా అంటే మీకు తెలీదు. ‘కుడ్ యూ రిపీట్ దట్ ప్లీజ్?’ అంటే అదే మాట మళ్లీ వినిపిస్తుంది, మీరు ఉన్నచోటే ఉంటారు. ‘సారీ, ఐయామ్ నాట్ షూర్ వాట్ నోస్టాల్జియా మీన్స్. కుడ్ యూ పుట్ ఇట్ అనదర్ వే?’ అంటే పని జరుగుతుంది. సగం పట్టుకున్నట్టయితే, ‘డూ యూ మీన్ మిస్సింగ్ ది పాస్ట్?’ అని మీరే అడగండి. అది కూడా మీరు మాట్లాడిన ఇంగ్లీషే.

పచ్చజెండా: సారీ ఎందుకు? మనం తప్పు చేశామా? పార్డన్.

ఉత్తరగాలి: పార్డనైనా సారీయైనా ఒకటే. స్వరం ముఖ్యం, దాన్ని పట్టుకుని వేలాడకండి.

పచ్చజెండా: ఒకటి కాదు.

బాటసారి: మీకు పుస్తకం తెలుసు, నాకు అనుభవం తెలుసు. మా కోచింగ్‌లో చెప్పినట్టే చేశాను. ప్రశ్న వినగానే రిపీట్ చేయమంటే ఆలోచించుకునే టైమ్ దొరుకుతుందన్నారు. ఫీజు కట్టించుకుని మరీ చెప్పారు!

ఉత్తరగాలి: ఆగండి. ప్రశ్న మీకు అర్థమైందా?

బాటసారి: అర్థమైంది. జవాబే తట్టలేదు. అందుకే అడిగాను.

ఉత్తరగాలి: ఇన్నాళ్లూ మనం వేర్వేరు విషయాల మీద కొట్టుకుంటున్నాం. వినపడక అడగడం ఒకటి, విని కూడా అడగడం ఒకటి. మళ్లీ చదివాక కూడా మీరు వెంటనే మాట్లాడలేదు, అవునా?

బాటసారి: ...కొంచెంసేపు ఆగాను. టెన్షన్.

ఉత్తరగాలి: ఆ మౌనమే ధారాళతకి తగిలింటుంది. మీ రికార్డింగ్ నేను వినలేదు కాబట్టి 6కి అదే కారణమని ఒట్టేయలేను. ఆలోచించుకోవాలంటే ‘ఐ హావెంట్ థాట్ అబౌట్ దట్ బిఫోర్, బట్...’ అని మొదలుపెట్టండి. అదీ ఒకసారే. ప్రతి జవాబుకీ అదే తోక తగిలిస్తే చిలకపలుకులా వినిపిస్తుంది.

బాటసారి: అంటే మాట తట్టకపోతే ఏదో ఒకటి అని టైమ్ లాగడం మీకు ఒప్పే, నేను లాగితే తప్పా?

ఉత్తరగాలి: మీరు లాగింది ఎగ్జామినర్ నోటితో, నేను చెప్పేది మన నోటితో. మార్కులు మన మాటకేగా.

కొత్తచిగురు: బాటసారి గారి మాటలో కొంత నిజముంది. రెండూ టైమ్ కోసమే.

నీలిమేఘం: మొదటి భాగంలో ఒక్క పదం తెలియకపోతే? అక్కడ మార్చి చెప్పరన్నారుగా.

ఉత్తరగాలి: ఒకసారి మళ్లీ అడగండి. అప్పటికీ తెలియకపోతే ‘ఐయామ్ నాట్ షూర్ అబౌట్ దట్ వర్డ్, బట్ ఇఫ్ ఇట్స్ అబౌట్ షాపింగ్...’ అని మీ ఊహ చెప్పి, దాని మీదే రెండు మూడు వాక్యాలు మాట్లాడండి. ఆ భాగం మొత్తం 4, 5 నిమిషాలే, తర్వాతి ప్రశ్న వెంటనే వచ్చేస్తుంది. రెండో భాగంలో ఈ గొడవ తక్కువ, విషయం రాసిన కార్డు మీ చేతికే ఇస్తారు.

బాటసారి: నేను మళ్లీ రాస్తున్నాను, ఈసారి ఒక్కసారి కూడా అడగను. ఎవరిది నిజమో చూద్దాం.

పచ్చజెండా: అడగాల్సి వస్తే మాత్రం పార్డన్.