రిలేషన్‌షిప్‌కి సిద్ధంగా లేనంటూనే రోజూ మెసేజ్ చేస్తున్నాడు, ఏమని జవాబివ్వాలి?

డేటింగ్ యాప్‌లో పరిచయమైన ఒకతనితో కొంతకాలంగా మాట్లాడుతున్నాను. ఒకసారి కలిశాం కూడా. ఆ తర్వాత, పాత బంధం నుంచి ఇంకా తేరుకోలేదని, ఇప్పుడు రిలేషన్‌షిప్‌కి సిద్ధంగా లేనని అతనే స్పష్టంగా చెప్పాడు. సరే అన్నాను. కానీ మెసేజ్‌లు ఆగలేదు. పొద్దున్నే పలకరింపు, ఆఫీసు గొడవలు, రాత్రి పడుకునే ముందు చాలాసేపు కబుర్లు. మళ్లీ కలుద్దామా అంటే మాత్రం మాట మార్చేస్తాడు.

అతను అబద్ధం చెప్తున్నాడని నేననుకోవట్లేదు. అయినా రోజూ ఇంత దగ్గరగా మాట్లాడుతుంటే నాలో ఆశ పెరుగుతోంది, యాప్‌లో ఇంకెవరికీ జవాబివ్వబుద్ధి కావట్లేదు. అదే నా టెన్షన్.

ఇలా పంపాలనుకుంటున్నాను: "నీతో మాట్లాడటం నాకిష్టం. కానీ నాకు కావాల్సింది రిలేషన్‌షిప్. అది లేకుండా రోజూ ఇలా మాట్లాడుకోవడం నాకు కష్టంగా ఉంది, అందుకే ఆపేస్తున్నాను. నీ ఆలోచన మారితే చెప్పు."

చివరి వాక్యం ఉంచితే నేను ఎదురుచూస్తానని అనుకుంటాడా? తీసేస్తే మరీ కఠినంగా ఉంటుందా? ఇది చదివాక కూడా మర్నాడు మామూలుగా "ఏం చేస్తున్నావ్" అని అడిగితే జవాబివ్వాలా, వద్దా? ఇలాంటి పరిస్థితి ఎదురైనవాళ్లు ఏం చేశారో చెప్పండి, ప్లీజ్.